పింఛను చిట్టా, చివరి చిరునామా, చివరి కొలువు: సి.పి. బ్రౌన్ లండన్ జీవితానికి ఆధారాల పరిశీలన

తెలుగులో వచ్చిన బ్రౌన్ జీవిత కథనాలు చాలావరకు 1855లో ముగిసిపోతాయి. మద్రాసు రేవులో ఆయన ఓడ ఎక్కుతాడు. ఆ తర్వాతి వాక్యం 1884 డిసెంబరు 12న లండనులో మరణించాడని చెబుతుంది. ఈ రెండు వాక్యాల నడుమ దాదాపు ముప్పై ఏళ్లు ఉన్నాయి. 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టి ఎనభై ఆరేళ్లు జీవించిన మనిషి ఆయుర్దాయంలో అది మూడో వంతు. తెలుగు సాహిత్యానికి ఆయన చేసిన సేవాకాలంగా అందరూ లెక్కించే 1825-55 మధ్య ముప్పై ఏళ్లతో అది దాదాపు సమానం కూడా. ఒక ముప్పై ఏళ్లకు గ్రంథాలు వెలువడ్డాయి. మరో ముప్పై ఏళ్లకు ఒకటి రెండు పేరాలతో సరిపెట్టడం జరిగింది.

ఖాళీగా వదిలిన చోటును ఐతిహ్యం ఆక్రమించుకుంటుంది. తన సంపాదననంతా తాళపత్రాలకూ పండితులకూ వెచ్చించిన బ్రౌన్, చివరికి చేతిలో చిల్లిగవ్వ లేకుండా, ఎవరికీ పట్టని స్థితిలో పరాయి నగరంలో కన్నుమూశాడన్న చిత్రం సభా ప్రసంగాలలో తరచూ వినిపిస్తుంది. కవులూ పండితులూ దారిద్ర్యంలో మరణించడం మన చరిత్రలో కొత్త కాదు గనుక ఈ చిత్రం సులభంగా నమ్మదగినదిగా తోస్తుంది. అయితే బ్రౌన్ ఆస్థానకవి కాడు, జమీందారీ పండితుడు కాడు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సివిలు ఉద్యోగి. ఆ ఉద్యోగానికి నియమాలున్నాయి. ఆ నియమాలు కాగితాల మీద ఉన్నాయి. చివరి దశను తెలుసుకోవడానికి మూడు రకాల ఆధారాలు పనికివస్తాయి: పింఛనుకు సంబంధించిన లెక్కలు, మరణించిన ఇంటి చిరునామా, చివరిగా వహించిన బహిరంగ పదవి. వీటిలో ఏది ఎంతవరకు చెబుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే ఇక్కడి పరిశీలన.

పింఛను

కంపెనీ సివిలు ఉద్యోగుల పింఛను నేటి అర్థంలో ప్రభుత్వం ఇచ్చే పింఛను కాదు. అది యాన్యుటీ, అంటే జీవించి ఉన్నంత కాలం ఏటా అందే నిర్ణీత మొత్తం. 1820ల నుంచి ఉద్యోగుల జీతంలో నూటికి నాలుగు వంతున మినహాయించి ఒక నిధికి జమ చేసేవారు. దానికి కంపెనీ తన వాటా కలిపేది. మొత్తం సర్వీసు ఇరవై ఐదేళ్లు, అందులో ఇండియాలో వాస్తవంగా గడిపిన కాలం ఇరవై రెండేళ్లు పూర్తి అయినవారు ఏడాదికి వెయ్యి పౌన్ల యాన్యుటీకి అర్హులు. కలెక్టరైనా, జడ్జీ అయినా, తపాలా శాఖాధిపతి అయినా మొత్తం అదే. ఇరవై ఐదేళ్ల తర్వాత మరో పదేళ్లు పనిచేసినా ఆ వెయ్యి పౌన్లు వెయ్యిన్నూరు కావు.

ఈ చివరి నియమాన్ని బ్రౌన్ విషయంలో ఎవరూ తగినంతగా పట్టించుకున్నట్టు లేదు. లెక్క చాలా సులభం. ఆయన మద్రాసులో దిగింది 1817 ఆగస్టులో. 1835లో ఇంగ్లండుకు వెళ్లి 1838లో తిరిగి వచ్చాడు. 1817 నుంచి 1835 వరకు ఇండియాలో సుమారు పద్దెనిమిదేళ్లు. 1838 నుంచి మరో నాలుగేళ్లు కలిపితే ఇరవై రెండేళ్ల నివాసం పూర్తవుతుంది. 1817 నుంచి ఇరవై ఐదేళ్ల సర్వీసు కూడా అదే సమయానికి నిండుతుంది. మధ్యలో ఉద్యోగం లేని కాలాన్ని కొంత తగ్గించి చూసినా, 1840ల తొలి భాగంలో ఏదో ఒక సంవత్సరానికి ఆయనకు యాన్యుటీ అర్హత వచ్చి ఉండాలి. ఆయన రాజీనామా చేసింది 1855లో. అంటే పింఛనుకు ఒక్క పౌను కూడా అదనంగా చేర్చని సర్వీసును ఆయన పది పన్నెండేళ్లకు పైగా చేశాడు.

ఆ పన్నెండేళ్లలో ఏం జరిగిందో తెలుగు పరిశోధకులకు చెప్పనక్కరలేదు. 1846లో ఆయన మద్రాసు తపాలా శాఖాధిపతి, ప్రభుత్వ తెలుగు అనువాదకుడు అయ్యాడు. కళాశాల గ్రంథాలయంలోని రాతప్రతులకు సంరక్షకుడు కూడా. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. దానితోపాటు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు, మిశ్రభాషా నిఘంటువు కలిసి 1852-54 మధ్య పూర్తయ్యాయి. తాతాచారి కథలు 1855లో వచ్చాయి. పింఛను కోసమే ఉద్యోగంలో ఉన్న మనిషి అయితే ఈ నిఘంటువులు తుది రూపం పొందకముందే ఓడ ఎక్కి ఉండేవాడు.

ఇక్కడ ఆగి జాగ్రత్త పడాలి. పింఛను నియమం ఆయన ఎందుకు ఉండిపోలేదో చెబుతుంది గాని, ఎందుకు ఉండిపోయాడో చెప్పదు. నిఘంటువు కోసమే ఉండిపోయాడని చెప్పడం ఆకర్షణీయంగా ఉంటుంది. కాని ఉద్యోగంలో ఉన్నంత కాలం వచ్చే జీతం యాన్యుటీ కన్నా ఎక్కువ. పండితులకూ లేఖకులకూ ఇవ్వవలసిన జీతాలు, తాళపత్రాల సేకరణకు చేసిన అప్పులు ఆ జీతం మీదే ఆధారపడి ఉన్నాయి. కడపలో ఆయన సొంత బంగళాలో అయోధ్యాపురం కృష్ణారెడ్డి పర్యవేక్షణలో నడిచిన పరిష్కరణ కేంద్రం, మద్రాసులో జూలూరి అప్పయ్య వంటి పండితులతో సాగిన పని, ఇవన్నీ ప్రధానంగా ఆయన సొంత ఖర్చు మీద నడిచినవే. అప్పు తీర్చడానికి జీతం కావాలి; ఆ అప్పు చేసింది గ్రంథాల కోసం. ఈ రెండు కారణాలను విడదీయడం కుదరదు, విడదీయనవసరమూ లేదు. సర్వీసు చాలక తప్పనిసరై ఉద్యోగంలో ఉన్నాడన్న మూడో ఊహను మాత్రం లెక్క పూర్తిగా తోసిపుచ్చుతుంది.

దారిద్ర్య కథనాన్ని కూడా ఇదే వెయ్యి పౌన్లతో తూచాలి. 1855 నాటి మారకంలో పౌను పది రూపాయలు. ఏడాదికి పదివేల రూపాయలు, నెలకు ఎనిమిది వందల పైచిలుకు. లండనులో అవివాహితుడైన ఒక వృద్ధుడు ఒక మంచి వీధిలో, నౌకరును పెట్టుకొని, పుస్తకాలు కొనుక్కుంటూ, అవసరమైతే సొంత ఖర్చుతో చిన్న పుస్తకం అచ్చు వేయించుకుంటూ జీవించడానికి అది చాలు. మరో సంగతి కూడా ఉంది. 1870ల నుంచి వెండి ధర పడిపోయి రూపాయి విలువ రెండు షిల్లింగుల నుంచి దిగజారుతూ వచ్చింది; బ్రౌన్ మరణించిన ఏటికి అది పందొమ్మిది పెన్నీల చేరువకు చేరింది. రూపాయిల్లో జీతం తీసుకునే ఉద్యోగులందరూ గోల పెట్టిన కాలం అది. బ్రౌన్ యాన్యుటీ పౌన్లలో నిర్ణయమైనది గనుక ఆ దెబ్బ ఆయనకు తగలలేదు. పైగా మద్రాసులో అచ్చు వేయించే పుస్తకానికి అయ్యే ఖర్చు ఆయన చేతిలోని పౌన్లకు ఏటికేడు చౌకవుతూ వచ్చింది. సర్వస్వం వెచ్చించాడన్న మాట ఉద్యోగ కాలానికి సంబంధించి చాలావరకు నిజమే. దాన్ని లండను చివరి రోజులకు పొడిగించడం మాత్రం ఆధారం లేని పని.

యాన్యుటీ నిధి కాగితాలు ఎక్కడ దొరుకుతాయన్నది ఇక పద్ధతికి సంబంధించిన ప్రశ్న. 1858లో కంపెనీ పాలన రద్దయి, దాని బాధ్యతలన్నీ బ్రిటిష్ ప్రభుత్వంలోని ఇండియా మంత్రి కార్యాలయానికి మారాయి. చెల్లింపులు ఆ కార్యాలయపు లెక్కల శాఖ నుంచి జరిగేవి. ఆ రికార్డులు నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల విభాగంలో ఉన్నాయి. అక్కడ వెతికేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు పేరు. బ్రౌన్ ఇంటిపేరు ఆ దేశంలో మన రావు, రెడ్డి అంత సాధారణం. చార్లెస్ బ్రౌన్‌లు కంపెనీ కొలువులోనే ఎందరో ఉంటారు. సైనిక పింఛనుదారుల చిట్టాలో చూస్తే మరెవరో దొరుకుతారు. సివిలు, మద్రాసు ప్రెసిడెన్సీ, నియామక సంవత్సరం 1817, విరమణ 1855 అన్న నాలుగు వివరాలూ కలిసినప్పుడే అది మన బ్రౌన్. నియామకానికి సంబంధించిన రైటరు దరఖాస్తులు వేరే వరుసలో ఉంటాయి. తండ్రి రెవరెండ్ డేవిడ్ బ్రౌన్ పేరు అక్కడ ఉపకరిస్తుంది. ఒక చిట్టాను మరో చిట్టాతో సరిచూడకుండా పేరు కలిసిందని పేజీ నకలు తెచ్చుకోవడం ఇటువంటి పరిశోధనలో తరచూ జరిగే పొరపాటు.

రెండో పరిమితి ఆ చిట్టాల స్వభావంలోనే ఉంది. పింఛను లెక్క మనిషి బతికి ఉన్నాడని చెబుతుంది, అంతే. ఏటా ఖజానా కార్యాలయానికి జీవన ప్రమాణ పత్రం సమర్పించే విశ్రాంత ఆచార్యులెవరికైనా ఈ సంగతి తెలిసిందే: ఆ పత్రంలో మనిషి ఏం చదువుతున్నాడో, ఎవరికి ఉత్తరాలు రాస్తున్నాడో ఉండదు. బ్రౌన్ చిట్టాలోనూ ఉండదు. యాన్యుటీ ఆయన మరణంతో ఆగిపోతుంది, వారసులకు సంక్రమించదు. బ్రౌన్ అవివాహితుడు గనుక ఆ తర్వాత కుటుంబ పింఛను ప్రశ్న కూడా లేదు. కాబట్టి ఆ వరుస 1884 డిసెంబరు దగ్గర తెగిపోతుంది. తెగిన చోటు మరణ తేదీకి స్వతంత్రమైన సాక్ష్యం అవుతుందన్నది మాత్రం దాని విలువ.

ఇల్లు

బ్రౌన్ మరణించింది పశ్చిమ లండనులో 22, కిల్డేర్ గార్డెన్స్ అన్న ఇంట్లో. బ్రిటిష్ జీవిత చరిత్ర నిఘంటువులో ఆయన గురించి వచ్చిన చిన్న వ్యాసంలోనే ఈ చిరునామా ఉంది. పేరు చూసి తోట అనుకోవడం సహజం. మధ్యలో చిన్న ఉద్యానం, దాని చుట్టూ వరుసగా ఆనుకొని కట్టిన అంతస్తుల ఇళ్లు, ఇదీ ఆ కాలపు లండను గార్డెన్స్ అమరిక. కిల్డేర్ గార్డెన్స్ వెస్ట్‌బోర్న్ గ్రోవ్‌కు ఉత్తరాన, బేస్‌వాటర్ ప్రాంతంలో ఉంది. పందొమ్మిదో శతాబ్దపు మధ్యకాలంలో కట్టిన మధ్యతరగతి ఇళ్ల పేట అది. పేదవాడ కాదు, ప్రభువుల పేటా కాదు. ఇండియా నుంచి తిరిగి వచ్చిన సివిలు, సైనిక ఉద్యోగులు ఆ పరిసరాలలో ఎందరో స్థిరపడినందువల్ల బేస్‌వాటర్‌ను లండను జనం పరిహాసంగా ఆసియా మైనర్ అని పిలిచేవారు. ఆ పరిహాసం బ్రౌన్ చరిత్రకు పనికివచ్చే సమాచారం. ఎవరూ తెలియని పరాయి నగరంలో ఏకాకిగా మిగిలాడన్న ఊహకు ఈ పేట సరిపోదు. ఇరుగుపొరుగున మద్రాసు ఎండనూ, కచేరీ వ్యవహారాలనూ, అంతో ఇంతో తెలుగునో అరవాన్నో ఎరిగిన పింఛనుదారులుండే అవకాశం లండనులో మరే పేటలోకన్నా అక్కడే ఎక్కువ.

అయితే చిరునామా విషయంలోనే మన రచనల్లో ఒక తర్కదోషం చోటు చేసుకుంది. మరణించిన ఇల్లు గనుక 1855లో లండను చేరింది మొదలు అక్కడే నివసించాడని రాయడం కనిపిస్తుంది. మరణ చిరునామా మరణ దినానికి మాత్రమే సాక్ష్యం. లండను మధ్యతరగతి వారు ఆ కాలంలో ఇళ్లు ఎక్కువగా కొనేవారు కాదు. కొన్నేళ్ల కౌలుకు తీసుకొని, కౌలు తీరగానే మారేవారు. ముప్పై ఏళ్లపాటు ఒకే ఇంట్లో ఉండడం ఆశ్చర్యకరమైన విషయం అవుతుంది. ఆశ్చర్యకరమైన విషయానికి వేరే రుజువు కావాలి. ఆ రుజువు వెతకడానికి మార్గం ఉంది. ఇంగ్లండులో పదేళ్లకొకసారి జరిగే జనాభా లెక్కలు 1861, 1871, 1881లలో జరిగాయి. మూడూ బ్రౌన్ లండను జీవితంలోనే వచ్చాయి. ఆ లెక్కల్లో ఇంటింటికీ ఆ రాత్రి ఎవరెవరు ఉన్నారో, వయస్సు, వృత్తి, పుట్టిన చోటు నమోదు చేస్తారు. పుట్టిన చోటు కలకత్తా అని ఉండడం ఇంతమంది బ్రౌన్‌ల మధ్య ఆయన్ను గుర్తుపట్టడానికి ఎంతో సాయపడే వివరం. ఏటేటా వెలువడే వీధుల డైరెక్టరీలు ఈ పదేళ్ల దూరాలను పూరిస్తాయి. ఒక ఇంటి పేరును జీవితమంతటికీ అతికించడానికి ముందు ఈ మూడు మజిలీలనూ దాటి రావాలి.

ఇంటి స్థానం మరో ప్రశ్నకు దారి తీస్తుంది. అక్కడి నుంచి ఆయనకు ఏవి అందుబాటులో ఉన్నాయి? తెలుగు రాతప్రతులు మాత్రం లేవు. 1835-38 నాటి సెలవులో బ్రౌన్ లండనులోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణాది భాషల రాతప్రతులను గుర్తించి, వాటిని మద్రాసుకు పంపించే ఏర్పాటు చేయించాడు. తాను సేకరించినవాటిని 1840లలో మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. అవన్నీ కలిసి మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి పునాది అయ్యాయి. అంటే లండనుకు చేరిన బ్రౌన్‌కు, లండను గ్రంథాలయం లోటుగా మిగలడానికి కారణం స్వయంగా బ్రౌనే. తెలుగు గ్రంథాలు తెలుగువారి దగ్గరే ఉండాలని ఇరవై ఏళ్ల ముందు తీసుకున్న నిర్ణయానికి ఆయన తన వార్ధక్యంలో మూల్యం చెల్లించాడు. లండనులో వెలువరించిన పుస్తకాల జాబితా చూస్తే ఈ మూల్యం స్పష్టంగా కనిపిస్తుంది. 1863లో కర్ణాటక కాలగణనను వివరించే పుస్తకం, 1869లో సంస్కృత ఛందస్సునూ అంకెలకు వాడే పదసంకేతాలనూ వివరించే చిన్న పుస్తకం వచ్చాయి. రెండూ తాళపత్రాలు ఎదురుగా లేకపోయినా, వెంట తెచ్చుకున్న టిప్పణులతో, జ్ఞాపకంతో రాయగలిగినవి. కొత్త కావ్య పరిష్కరణ ఒక్కటీ లేదు. దీన్ని వార్ధక్యం తెచ్చిన అలసటగా చెప్పేవారు ప్రతులు ఎక్కడున్నాయో మరచిపోతున్నారు.

కొలువు

లండనులో బ్రౌన్ చివరిగా చేపట్టిన బహిరంగ పదవి యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యత్వం. 1865లో ఆయన ఆ పదవిలో చేరాడు. అప్పటికి వయస్సు అరవై ఆరు దాటింది. దీన్ని బ్రౌన్ తెలుగు భక్తికి నిదర్శనంగా మాత్రమే ఉదహరించడం ఆనవాయితీ. భక్తి ఉండవచ్చు, పదవి ఎందుకు ఏర్పడిందన్నది వేరే సంగతి. 1855లో సివిలు ఉద్యోగాలకు బహిరంగ పోటీ పరీక్ష మొదలైంది. కంపెనీ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చిన హెయిలీబరీ కళాశాల ఆ వెంటనే మూతపడింది. పోటీలో నెగ్గినవారు ఓడ ఎక్కేలోపు లండనులో ఉంటూ, తాము వెళ్లవలసిన ప్రెసిడెన్సీ భాషలలో పరీక్షకు సిద్ధం కావలసి వచ్చింది. మద్రాసుకు కేటాయించినవారికి తెలుగో అరవమో కావాలి. నేర్పేవారు లండనులోనే ఉండాలి. ఆ అవసరానికి తగినవాడు, తన పేరు మీద వ్యాకరణమూ నిఘంటువూ ఉన్నవాడు, ఊళ్లోనే పింఛను తీసుకుంటున్నాడు.

యూనివర్సిటీ కాలేజీ ఆచార్యులకు ఆ రోజుల్లో విద్యార్థులు చెల్లించే రుసుమే ప్రధానమైన రాబడి. ఏటా మద్రాసుకు ఎంపికయ్యే కొద్దిమందిలో తెలుగు ఎంచుకునేవారు మరీ కొద్దిమంది. కాబట్టి ఈ కొలువు ఆదాయం కోసం కాదన్నది పింఛను లెక్కతో కలిపి చూస్తే మరింత స్థిరపడుతుంది. ఇలా ఒక ఆధారం మరోదానికి అర్థం చెప్పే చోటే ఈ మూడు రకాల కాగితాలనూ కలిపి చదవడంలోని ప్రయోజనం తెలుస్తుంది. కాలేజీ ఉన్న గోవర్ స్ట్రీటుకు 1863 జనవరిలో ప్రారంభమైన భూగర్భ రైలు మార్గంలో ఒక స్టేషను ఉంది. ఆ మార్గపు పశ్చిమ కొస పాడింగ్టన్. బేస్‌వాటర్ పరిసరాల పింఛనుదారుకు కాలేజీ దూరాభారం కాదు.

ఆచార్యత్వం చేపట్టిన మరుసటి ఏడు, 1866లో, బ్రౌన్ తన సాహిత్య జీవితాన్ని గురించి స్వయంగా రాసిన సంక్షిప్త కథనాన్ని అచ్చు వేయించాడు. బ్రౌన్ గురించి మనం నేడు చెప్పుకునే విషయాలలో పెక్కింటికి మూలం ఇదే. ఆచార్య జి.ఎన్. రెడ్డి, బంగోరె కలిసి 1978లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి దీన్ని వెలువరించేవరకు తెలుగు పాఠకులకు దాని పూర్తి రూపం అందుబాటులో లేదు. బంగోరె బ్రౌన్ ఉత్తరాల వెంటపడి చేసిన కృషి లేకపోతే ఈ చర్చకే ఆస్కారం లేదు. అయినా ఆ కథనాన్ని చదివే పద్ధతిలో ఒక లోపం మిగిలిపోయింది: దాన్ని మద్రాసు జీవితానికి సాక్ష్యంగా చదువుతున్నారు గాని, లండను జీవితంలో జరిగిన ఒక చర్యగా చదవడం లేదు.

1825లో తెలుగు సాహిత్యం మృతప్రాయంగా ఉన్నదనీ, ముప్పై ఏళ్లలో తాను దాన్ని మళ్లీ బతికించాననీ బ్రౌన్ చేసుకున్న ప్రకటన ప్రసిద్ధం. దానిపై వాదాలు జరిగాయి. దక్షిణాంధ్ర యుగపు రచనలను, యక్షగానాలను, పల్లెల్లో సాగిన పురాణ పఠనాన్ని చూపి, సాహిత్యం ఏనాడూ చచ్చిపోలేదనడం ఒక పక్షం. ముద్రణకూ పరిష్కరణకూ సంబంధించినంత వరకు ఆ మాట సమంజసమేననడం మరో పక్షం. పీటర్ ష్మిత్తెన్నర్ తన బ్రౌన్ గ్రంథంలో ఈ పునరుజ్జీవనాన్ని పండితుల పాత్రతో కలిపి చూపి చర్చను మెరుగైన దారికి మళ్లించాడు. వీరందరూ ప్రకటనలోని మొదటి సంవత్సరం గురించే వాదించారు. రెండో కొస ఏది? 1825కు ముప్పై కలిపితే 1855. అది తెలుగు సాహిత్య చరిత్రలో మలుపు కాదు. బ్రౌన్ రాజీనామా చేసిన సంవత్సరం. సాహిత్యం బతికి లేచిన కాలాన్ని ఆయన తన సర్వీసు ముగింపుతో ముగించాడు. ఇది పింఛనుదారు లెక్క. చేసిన సర్వీసును పై అధికారులకు నివేదించే అలవాటు జీవితమంతా ఉన్న మనిషి, అరవై ఏడేళ్ల వయస్సులో, కొత్తగా ఆచార్యుడైన అధికారంతో, తన పని ఇక్కడికి పూర్తయిందని గీత గీశాడు. ఈ గీతను సాహిత్య చరిత్రకారులు యథాతథంగా స్వీకరించడం వల్లే మన పుస్తకాలు కూడా 1855లో ఆగిపోయాయేమో ఆలోచించాలి.

నిజానికి 1855 తర్వాత మద్రాసులో జరిగినది బ్రౌన్ కోరుకున్నదానికి వ్యతిరేక దిశలో ఉంది. ఆయన తెలుగు వ్యాకరణం రెండో ముద్రణ 1857లో వచ్చింది. దాదాపు అదే సమయంలో, 1858లో, చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడింది. కావ్యప్రయోగంతోపాటు వాడుకలోని రూపాలకూ చోటిచ్చిన బ్రౌన్ మార్గం, కావ్యభాషనే ప్రమాణంగా బిగించిన సూరి మార్గం ఒకే అంగడిలో పక్కపక్కన నిలిచాయి. సూరి 1862లో మరణించినా ఆయన వ్యాకరణం పాఠశాలల్లో నిలిచింది. పరీక్షలు, పాఠ్యపుస్తకాలు, పండితుల నియామకాలు మద్రాసులో జరుగుతాయి గనుక, మద్రాసులో ఉన్నవారి మాట చెల్లుతుంది. లండనులో బ్రౌన్ చేతిలో ఉన్నవి ఒక తరగతి గది, అందులో ఓడ ఎక్కబోయే కొద్దిమంది ఆంగ్లేయ యువకులు. నిర్లక్ష్యం అన్న మాట వాడదలచుకుంటే ఇక్కడ వాడవచ్చు. ఆకలి లేదు, అప్పుల బాధ లేదు. తాను జీవితమంతా పనిచేసిన భాష ఎటు పోవాలో నిర్ణయించే చోట తన మాటకు స్థానం లేదు.

మరణమూ తర్వాతి పేజీలూ

1884 డిసెంబరు 12న మరణించిన బ్రౌన్‌ను కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. కిల్డేర్ గార్డెన్స్‌కు వాయవ్యంగా ఎంతో దూరంలో లేని ఆ స్థలం 1833 నుంచి లండను మధ్యతరగతికీ పై తరగతులకూ సమాధి స్థలం. దారిద్ర్య కథనం ప్రకారం చూస్తే బ్రౌన్‌కు దక్కవలసింది పేరులేని సామాన్య గోతి. ఆయన సమాధి అక్కడ గుర్తుపట్టదగిన రీతిలో ఉంది. తెలుగువారు ఇటీవలి దశాబ్దాలలో అక్కడికి వెళ్లి నివాళులు అర్పిస్తున్నారు. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలో జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో గ్రంథాలయం వెలిసింది. తొలి కార్యక్షేత్రానికీ చివరి విశ్రాంతి స్థలానికీ స్మారకాలున్నాయి. నడుమ నివసించిన ఇళ్లూ, పాఠం చెప్పిన గదీ ఎవరి యాత్రలోనూ లేవు.

ఆయన పోయేనాటికి తెలుగులో ఏం జరుగుతున్నదో ఒక్క ఉదాహరణ చాలు. కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము 1880లో పుస్తకంగా వచ్చింది. దాని ఇంగ్లీషు అనువాదం లండనులోనే 1887లో అచ్చయింది. తెలుగు వచన రచన లండను పుస్తకాల అంగడికి చేరేసరికి, లండనులో తెలుగు చదివి తూకం వేయగల మొదటి పాఠకుడు మరణించి మూడేళ్లు కావస్తున్నది.

అదే వీరేశలింగం పేరు మరోచోట బ్రౌన్ పేరు పక్కన చేరింది. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు రెండో ముద్రణ 1903లో వెలువడింది. దాన్ని సంస్కరించినవారు ముగ్గురు: మాచర్ల వెంకటరత్నం, డబ్ల్యు.హెచ్. కాంబెల్, వీరేశలింగం. నేడు అధ్యాపకులు చేతిలోకి తీసుకునే బ్రౌన్ నిఘంటువు, అంతర్జాలంలో వెతికే బ్రౌన్ నిఘంటువు చాలావరకు ఈ 1903 ప్రతియే. 1852 ప్రతిని పక్కన పెట్టుకొని చూడకుండా అందులోని ఒక ఆరోపం, ఒక ఉదాహరణ బ్రౌన్‌దేనని చెప్పడం ప్రమాదకరం. పరిశోధన వ్యాసాలలో బ్రౌన్ అభిప్రాయంగా ఉదహరించిన అర్థాలు కొన్ని, ఆయన మరణించిన పందొమ్మిదేళ్ల తర్వాత సంస్కర్తలు చేర్చినవి కావచ్చు. బ్రౌన్ మాటను బ్రౌన్‌దని నిర్ధారించుకోవడానికి చేయవలసిన పని ఒక్కటే: మాట ఉన్న పుటను రెండు ముద్రణల్లోనూ తెరిచి, 1852 పుటలో అది ఉన్నదో లేదో చూసి, ఉంటే ఆ ముద్రణ సంవత్సరాన్నే పాఠంలో పేర్కొనడం.